మెట్ల మీద రాసిన నోట్సు

సుకన్యకు ఒక అలవాటుంది. ఎదుటివాళ్లు రాసిన నోట్సులో తప్పులు పట్టడం. పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆమె పదహారేళ్లుగా స్టాఫ్ నర్సు. నాలుగో అంతస్తు వార్డులో కొత్తగా చేరిన నర్సు పిల్లలకు ఆమె అడుగుల చప్పుడు వింటేనే రాసిన కాగితం మళ్లీ ఒకసారి చూసుకోవాలనిపిస్తుంది.

"పేషెంటుకు బాగాలేదు అని రాసినవేంది? బాగాలేదంటే ఏంది? జ్వరమెంత, ఎన్ని గంటలకు చూసినవ్, ఆయన నోటితోని ఏమన్నడు, గవి రాయి. నీకు ఏమనిపించిందో నాకొద్దు" అంటుంది.

నాలుగు గంటలకోసారి చూసి రాయాల్సిన బీపీని, డ్యూటీ దిగే ముందు ఒకే పెన్నుతో ఒకే ఊపులో నింపేసిన పిల్లను ఒకసారి ఆమె లోపలి గదిలోకి పిలిచి తలుపేసి మరీ నిలదీసింది. నలుగురిలో మాత్రం ఎవరినీ ఏమీ అనదు. ఆ నియమం ఒకటి పెట్టుకుంది.

అంత చాదస్తపు మనిషి, సొంత కూతురి దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా ఆ తప్పే చేసింది. దాని ఫలితం కూతురే అనుభవించింది.

కూతురు భానుశ్రీకి పన్నెండేళ్లు. టేబుల్ టెన్నిస్ అంటే ప్రాణం. అమీర్‌పేటలో వాళ్లుండే అద్దె ఇంట్లో బీరువా తలుపుకు బంతి కొట్టీ కొట్టీ దాని రంగు లేపేసింది. కింది వాటా వాళ్లు రెండుసార్లు పైకొచ్చి మొర పెట్టుకున్నారు. ఆడుతున్నంతసేపూ ఏదో ఒక కూనిరాగం తీస్తూనే ఉంటుంది. అది పాటా కాదు, పద్యమూ కాదు. తండ్రి సురేందర్ దానికి "భాను రేడియో" అని పేరు పెట్టాడు.

పంజాగుట్ట చౌరస్తా వెనక సందులో, ఒక పాత భవనం రెండో అంతస్తులో ఉంది వాళ్ల క్లబ్బు. ఒక్క హాలు, నాలుగు బల్లలు. సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా పదమూడేళ్ల లోపు పిల్లలకు కోచింగ్. కోచ్ విజయేందర్. ఒకప్పుడు రాష్ట్ర జట్టుకు ఆడినవాడు, ఇప్పుడు ముప్పై అయిదేళ్లుంటాయి. తల్లిదండ్రులు లోపల ఉంటే పిల్లల ధ్యాస చెదురుతుందని ఆయన పెట్టిన రూలు ప్రకారం అమ్మలూ నాన్నలూ అందరూ బయట మెట్ల మీద కూర్చోవాలి. ఉక్కపోతకు తలుపు మాత్రం జానెడు తెరిచి ఉంచుతారు. సుకన్య డ్యూటీ దిగి ఏడున్నరకు వచ్చి పిల్లను తీసుకెళ్లేది, అక్కడ కూర్చున్నది తక్కువ.

జూన్ తర్వాత భాను రేడియో మోగడం ఆగిపోయింది. దాని బదులు కడుపునొప్పి మొదలైంది. సాయంత్రం అయిదయ్యేసరికి మెలిపెడుతుంది, మూడుసార్లు బాత్రూంకు వెళ్తుంది, గోళ్లు కొరుక్కుంటుంది. సుకన్య నర్సు కదా, తన బుద్ధి అంతా ఉపయోగించింది. నులిపురుగుల మందు వేసింది, రక్తం పరీక్ష చేయించింది, స్కానింగు తీయించింది. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి సెప్టెంబరులో ఒకరోజు వార్డులో ఎవరిదో చార్టు చూస్తుంటే తట్టింది. నొప్పి వచ్చేది సోమ, బుధ, శుక్రవారాల్లోనే. మంగళవారం ఎన్నడూ రాలేదు. ఇన్ని నెలలు ఇది కళ్లెదుటే ఉన్నా కనిపించనందుకు తనను తాను తిట్టుకుంది.

ఆ శుక్రవారం మెట్రోలో వస్తున్నారు. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట ఒక్కటే స్టేషను, ఎక్కి నిలదొక్కుకునేలోపు దిగాలి. ఆ రెండు నిమిషాల్లో భాను కిటికీ వైపు చూస్తూ అడిగింది.

"అమ్మా, నేను బస్తా లెక్కున్ననా?"

సుకన్య స్టేషను మెట్ల దగ్గర నిలబెట్టి అడిగితే కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. పాయింటు పోతే సార్ అందరి ముందూ పేర్లు పెడతాడు. ఓడిపోయినవాళ్లు బల్లల కింద దూరి బంతులన్నీ ఏరాలి, మిగతావాళ్లు నిలబడి చూడాలి.

"ఇంట్ల చెప్తే జిల్లా సెలెక్షన్ లిస్టుల పేరు కొట్టేస్తనన్నడు. నువ్వేమనకు అమ్మా. నువ్వు పోయి మాట్లాడితే నన్ను తీసేస్తడు. నేను ఆడాల్నే."

జిల్లా సెలెక్షన్లకు క్లబ్బు నుంచి నలుగురు ఆడపిల్లల పేర్లే వెళ్తాయి. ఆ నాలుగు పేర్లూ రాసేది విజయేందరే.

"నేను పోయి అడుగుత వాని సంగతి" అని సురేందర్ ఆ రాత్రి చొక్కా వేసుకున్నాడు. సుకన్యే ఆపింది. అరుపులకు అరుపులతో జవాబిస్తే మిగిలేది గొంతునొప్పే, కాగితం మీద పెడదాం అంది. అక్కడి వరకూ బాగానే ఆలోచించింది.

మర్నాడు మధ్యాహ్నం, అన్నం డబ్బా పక్కకు తోసి, మూడు నెలల సంగతులు అరగంటలో రాసేసింది. ఒకే పెన్ను, ఒకే ఊపు. "రాక్షసుడిలా అరుస్తాడు", "రోజూ అవమానిస్తాడు", "పిల్లలందరూ వణికిపోతున్నారు" అని రాసింది. తారీఖులుంటే బాగుంటుందని, గుర్తున్నంతలో నాలుగైదు తారీఖులు వేసింది. చదువుకుంటే తనకే ఏడుపొచ్చింది. ఏడుపొచ్చింది కాబట్టి బాగా రాశాననుకుంది.

క్లబ్బు సెక్రటరీ హనుమత్ప్రసాద్ గారు మాసబ్ ట్యాంక్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి రిటైరైన మనిషి. కాగితం చేతికిస్తే కళ్లజోడు మార్చుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే రకం. సుకన్య ఇచ్చినదీ అలాగే చదివి, ఒక తారీఖు మీద వేలు పెట్టి ఆగాడు.

"ఈ రోజున అమ్మాయిని కుర్చీ ఎక్కించి నిలబెట్టాడని రాశారేంటమ్మా. ఇది ఖైరతాబాద్ గణేశుడి నిమజ్జనం రోజు కదా. ఆ రోజు మనం హాలు తెరవలేదు."

సుకన్య ఆ తారీఖు మళ్లీ చూసింది. నిజమే. కుర్చీ ఎక్కించింది ఆ ముందు క్లాసులోనో, ఆ తర్వాత క్లాసులోనో.

"మీరు అబద్ధం చెప్తున్నారని నేను అనడం లేదు. కానీ ఈ ఒక్క తారీఖు పట్టుకుని ఆయన మిగతావన్నీ కాదంటే నేనేం చెప్పను? రాక్షసుడిలా అరిచాడంటే, ఏమని అరిచాడు? ఎవరు విన్నారు?"

అన్నీ ఆమె వార్డులో అడిగే ప్రశ్నలే. అవి తనకే ఎదురుతిరిగి వస్తే ఎంత మంట పుడుతుందో ఆ రోజు తెలిసింది. పెద్దాయన అంతటితో ఆగినా బాగుండేది. మంచి చేద్దామనుకుని విజయేందర్‌ను పక్కకు పిలిచి, ఇలా ఒక తల్లి ఉత్తరం రాసింది, కొంచెం మెత్తగా ఉండవయ్యా అని చెప్పాడు. సోమవారం సాయంత్రం హాల్లో విజయేందర్ పిల్లలందరి ముందూ భానుతో, "మీ అమ్మ మస్తు ఉత్తరాలు రాస్తదంట గద" అన్నాడు.

భాను రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది, జడ వేస్తే కదలకుండా కూర్చునేది. పిల్ల నమ్మి చెప్పిన రహస్యాన్ని తీసుకెళ్లి తప్పుల తడకగా రాసి పాడుచేశానని సుకన్య వార్డులో మందుల గదిలో నిలబడి ఏడ్చింది.

అలా ఏడుస్తుండగా చూసింది ఉదయలక్ష్మి. ఆ ఆస్పత్రిలోనే పిల్లల విభాగంలో కౌన్సెలర్. కన్నీళ్లు తుడవలేదు, ఓదార్చలేదు. సంగతంతా విని మొదట ఒకటే అడిగింది.

"చెయ్యి చేసుకున్నాడా? తాకడం, కొట్టడం ఏమైనా ఉందా?"

"లేదక్కా. అది అడిగిన. మాటలే."

"ఉంటే నోట్సూ గీట్సూ ఏమీ లేదు, ఆ రోజే పిల్లను తీసేసి పోలీసులకో, పిల్లల హెల్ప్‌లైన్ పది తొంభై ఎనిమిదికో చెప్పాలి. గుర్తుపెట్టుకో. ఇప్పుడు ఇంకో మాట. భాను వెళ్తానంటోందా, నువ్వు పంపుతున్నావా?"

"అదే పోతనంటుంది. ఆట ఇడ్వదంట."

"అయితే నువ్వు మెట్ల మీద ఉండాలి, ప్రతిసారీ. డ్యూటీలు మార్పించుకో. అది వద్దన్న రోజున ఆ రోజే మాన్పించు. సాక్ష్యం కోసం పిల్లను అక్కడ వదిలేయడం కూడా హింసే."

ఆ మీదట ఆమె చెప్పినవి వింటుంటే సుకన్యకే సిగ్గేసింది, సగం తనకు తెలిసినవే. ఏ రోజుది ఆ రోజే రాయాలి. వారం, తారీఖు, గంట, ఎక్కడ. అన్న మాట అన్నట్టుగా, తిట్టయితే తిట్టుగానే. అక్కడ ఎవరెవరున్నారు. చెవులారా విన్నది వేరు, పిల్ల చెప్పింది వేరు, రెండూ కలపకూడదు. పిల్ల చెప్తే పిల్ల మాటల్లోనే రాయాలి తప్ప, "సార్ తిట్టిండా, ఇట్ల అన్నడా" అని మనం మాటలందించి తవ్వి తవ్వి అడగకూడదు. ఆ పూట అన్నం ఎంత తింది, ఎలా నిద్రపోయింది, కడుపునొప్పి వచ్చిందా, అవీ రాయాలి. కోచ్ గ్రూపులో పెట్టే మెసేజీలు తారీఖు కనిపించేలా దాచాలి, కానీ ఆ గ్రూపులో మనం గొడవ మొదలుపెట్టకూడదు. ఎవరికి ఫిర్యాదు చేశాం, వాళ్లేమన్నారు, ఆ తర్వాత పిల్లకు ఏం జరిగింది.

"ఇంట్లో చెప్పొద్దన్నాడు చూడు, ఆ మాట ఎప్పుడొచ్చినా దాని కింద గీత గియ్యి. పిల్లల నోరు కట్టేసే మాట అన్నిటికంటే ముఖ్యం" అంది ఉదయలక్ష్మి. వెళ్లబోతూ వెనక్కి తిరిగింది. "మంచిగా ఉన్న రోజులు కూడా రాయి."

"ఎందుకక్కా? ఆయన మంచోడని చూపెట్టడానికా?"

"నువ్వు చూసిందంతా రాశావని చూపెట్టడానికి."

ఇది మాత్రం సుకన్యకు గొంతు దిగలేదు. అయినా సాయంత్రం అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల పక్క స్టేషనరీ కొట్లో వందపేజీల పుస్తకం ఒకటి కొంది. ఇంటికెళ్లి భాను ముందు కూర్చుంది.

"నిన్నడగకుండ ఉత్తరమిచ్చిన. తప్పు నాదే. ఇప్పుడు అడుగుతున్న. నేను మెట్ల మీద కూసుంట, ఇన్నది రాసుకుంట. నీకు చెప్పకుండ ఎవ్వరికీ ఇయ్య. సరేనా?"

భాను బ్యాట్ రబ్బరు అంచు గోకింది. తర్వాత "సరే" అంది. రెండు రోజుల తర్వాత అదే మొదటి మాట.

మెట్ల మీద ఆమె పక్కనే ఎప్పుడూ కూర్చునేది రవికాంత్. దుర్గేష్ అనే పిల్లవాడి తండ్రి, బంజారా హిల్స్‌లో ఆఫీసు. మనిషి మంచివాడే, కాకపోతే కొడుకు ర్యాంకు తప్ప ఇంకో సంగతి ఉండదు.

"స్ట్రిక్టుగా లేకపోతే పిల్లలు వినరండీ సుకన్య గారూ. మావాడు ఈయన దగ్గరికొచ్చాకే పైకొచ్చాడు" అన్నాడు, ఆమె పుస్తకం వైపు ఓరగా చూస్తూ. లోపలినుంచి అరుపు వినిపించినప్పుడల్లా ఆయన ఫోను తీసి చూసుకునేవాడు. సుకన్య అది కూడా చూసింది.

మూడు వారాలు రాసింది. సోమవారం, ఆరూ నలభై, రెండో బల్ల, తలుపు జానెడు తెరిచి ఉంది, నేను విన్నది, "ఏం పెట్టి పెంచుతుండ్రు నిన్ను, బస్తా లెక్కున్నవ్, కదులు." లోపల ఆరుగురు పిల్లలు. ఇద్దరు నవ్వారు. మెట్ల మీద రవికాంత్ గారు. ఏడూ ముప్పై అయిదుకు భాను బయటికొచ్చింది, మాట్లాడలేదు. రాత్రి అన్నం సగం వదిలేసింది. ఎక్కడా రాక్షసుడు లేడు. రాక్షసుడని రాయకుండా ఉండటానికి ఆమె పెన్ను ఎంత గట్టిగా పట్టుకుందో, ఆ పేజీ వెనకవైపు తడిమితే తెలుస్తుంది.

మూడో వారం శుక్రవారం పేజీ రాయడం మరీ కష్టమైంది. ఎందుకంటే ఆ రోజు ఆరుంబావుకు విజయేందర్ తన సొంత బ్యాట్ భాను చేతికిచ్చి, పక్కన నిలబడి పది నిమిషాలు సర్వీసు నేర్పాడు. "శభాష్ రా. గిదీ సర్వీసంటే. మళ్లీ ఒక్కటెయ్యి" అన్నాడు. లోపలినుంచి సన్నగా ఒక కూనిరాగం వినిపించింది. నాలుగు నెలల తర్వాత మోగిన రేడియో. సుకన్య పెన్ను ఆపింది. రాస్తే కేసు పలచబడుతుంది. రాయకపోతే వార్డులో నర్సు పిల్లలను ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? రాసింది. అరగంట తర్వాత జరిగింది కూడా దాని కిందే రాసింది.

ఆ రాత్రి భానునడిగి, ఒప్పుకున్నాక, మర్నాడు పుస్తకం జిరాక్సు తీయించి, ఈసారి ఒక పేజీ ఫిర్యాదుతో కలిపి ఇచ్చింది. అసలు పుస్తకం తన దగ్గరే ఉంచుకుంది. అందినట్టు సంతకం పెట్టించుకుంది.

హనుమత్ప్రసాద్ గారు ఈసారి ఎవరినీ పక్కకు పిలవలేదు. ఆదివారం పొద్దున తన గదిలో కూర్చోబెట్టాడు. క్లబ్బుతో సంబంధంలేని మనిషి ఒకరుండాలని రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ జానకీదేవి గారిని పిలిచాడు. పిల్లలెవరినీ తీసుకురావద్దన్నాడు. సాక్షిగా పుస్తకంలో పేరున్నందుకు రవికాంత్‌కూ కబురు వెళ్లింది. ఆయన వచ్చి తలుపు దగ్గర కుర్చీ చూసుకుని కూర్చున్నాడు.

విజయేందర్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"నేను గట్టిగ మాట్లాడతా సార్, కాదంటలేను. ఆట అంటే గట్లనే ఉంటది. కానీ బస్తా గిస్తా నేననలే. మేడమ్‌కు నా మీద కోపముంది, రాసుకున్నది."

"రవికాంత్ గారూ, ఈ సోమవారం మీరు మెట్ల మీద ఉన్నారని ఉంది" అంది జానకీదేవి. "ఈ మాట విన్నారా?"

రవికాంత్ నేల చూశాడు. మగపిల్లల లిస్టు రాసేదీ విజయేందరే, అది ఇంకా వెళ్లలేదు. కొడుకు పేరు అందులో మొదటిది. "రోజూ ఏదో ఒకటి వినిపిస్తూనే ఉంటుందండీ. నాకు సరిగ్గా గుర్తులేదు" అన్నాడు.

సుకన్య మళ్లీ ఓడిపోయాననుకుంది. ఈసారి భాను ఎన్ని రోజులు మాట్లాడదో అనుకుంది.

జానకీదేవి పేజీలు తిప్పుతూ తిప్పుతూ శుక్రవారం దగ్గర ఆగింది. బడిలో పాఠం చదివినట్టు నిదానంగా పైకి చదివింది. ఆరుంబావు. తన బ్యాట్ ఇచ్చారు. పది నిమిషాలు సర్వీసు నేర్పారు. నేను విన్నది, శభాష్ రా, గిదీ సర్వీసంటే. భాను కూనిరాగం తీసింది.

విజయేందర్ కట్టుకున్న చేతులు వదిలాడు. ముఖం విచ్చుకుంది.

"అవును మేడమ్. ఆ రోజు పిల్లకు సర్వీసుల మణికట్టు సరిగ్గ తిరిగింది. రెండు నెలల సంది తిరగలే, ఆ రోజు తిరిగింది. మస్తు ఖుషీ అయిన. గిది సుత రాసిండ్రా?"

"రాశారు. ఇది నిజమేనా?"

"ముమ్మాటికీ నిజం."

"అదే పేజీ, అదే చేతిరాత, అదే సాయంత్రం. ఆరూ నలభై అయిదు." జానకీదేవి గొంతు మారలేదు. "దుర్గేష్‌తో ఆటలో ఓడిపోయింది. బల్లల కింద బంతులు ఏరించారు. మిగతా పిల్లలు నిలబడి చూశారు. నేను విన్నది, 'ఓడిపోయినోళ్లకు గింతే పని. పోయి మీ అమ్మకు చెప్పు, ఉత్తరం రాస్తది. లిస్టుల పేరు మాత్రం నేను రాస్త.' ఏడున్నరకు భాను బయటికొచ్చింది. మెట్లు దిగుతూ కడుపు పట్టుకుని కూర్చుంది. ఇంటికెళ్లాక వాంతి చేసుకుంది."

విజయేందర్ మళ్లీ చేతులు కట్టుకున్నాడు. పైన ఉన్నది నిజమని ఇప్పుడే అన్నాడు, కింద ఉన్నది అబద్ధమని ఎలా అంటాడు?

తలుపు దగ్గర కుర్చీ చప్పుడైంది. రవికాంత్ లేచి నిలబడ్డాడు.

"నేను విన్నానండీ. శుక్రవారందీ విన్నాను, సోమవారందీ విన్నాను. బస్తా అన్నాడు." "ఫోను చూసుకుంటున్నట్టు కూర్చున్నాను. ఆ రోజు గెలిచింది మావాడే. ఇంటికొచ్చి, 'నాన్నా, నేను ఎప్పుడన్నా ఓడిపోతే నన్నూ బల్ల కింద దూరమంటాడు కదా' అన్నాడు. ఓడిపోకు అన్నాను నేను. అంతే అన్నాను."

విజయేందర్ చెయ్యి చాపి ఆ కాగితాలు అడిగాడు. మొదటి నుంచి చదివాడు. చదువుతున్నకొద్దీ భుజాలు కిందికి జారాయి.

"మా కోచ్ మమ్మల్ని బెత్తంతోని కొట్టేటోడు" అన్నాడు చివరికి. "నేను ఒక్కని మీద సుత చెయ్యెత్తలే గద, నేను నయమే గద అనుకున్న. పిల్ల వాంతి చేసుకుంటదని నాకు తెల్వదు మేడమ్."

సుకన్యకు జాలేసింది. జాలేసినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. "ఇప్పుడు తెలిసింది గద సార్" అంది.

హనుమత్ప్రసాద్ గారు అప్పటికప్పుడు మాటలతో తేల్చేయబోతే ఆమె ఆపింది. నిర్ణయం కాగితం మీద రాసి ఇవ్వమంది. పెద్దాయన మళ్లీ కళ్లజోడు మార్చుకుని రాశాడు. చిన్నపిల్లల బ్యాచ్ నుంచి విజయేందర్ తప్పుకోవాలి, కౌన్సెలింగు, శిక్షణ అయ్యాక మళ్లీ చూస్తారు, అప్పుడైనా హాల్లో ఇంకో పెద్దమనిషి లేకుండా పిల్లలతో ఉండకూడదు. అందాకా సీనియర్ ప్లేయర్ రాగసుధ నేర్పుతుంది. తల్లిదండ్రులకు లోపల బెంచీ వేస్తారు. సెలెక్షన్ లిస్టు ఒకరి చేతిలో ఉండదు, అందరూ అందరితో ఆడాలి, పాయింట్లు గోడ మీద రాయాలి. ఫిర్యాదు, నిర్ణయం రెండూ జిల్లా అసోసియేషన్‌కు పంపాలి. అన్నీ రాసి సంతకం పెట్టి ఒక కాపీ సుకన్యకిచ్చాడు. ఫిర్యాదు చేసినందుకు ఏ పిల్లనూ ఒక్క మాట కూడా అనకూడదని కింద ఇంకో వాక్యం రాశాడు. మొదటిసారి తాను చేసిన పని ఆయనకూ గుర్తుందన్నమాట.

విజయేందర్ లేచి వెళ్లబోతూ సుకన్య దగ్గర ఆగాడు. "ఆ సర్వీసు మానొద్దని చెప్పుండ్రి పిల్లకు" అన్నాడు. ఆమె తలూపింది.

నవంబరులో క్లబ్బులో లిస్టు మ్యాచులు జరిగాయి. గోడ మీద పాయింట్లు రాశారు. నాలుగు పేర్లే వెళ్తాయి, భాను అయిదోది వచ్చింది. చివరి ఆట తొమ్మిది, పదకొండుతో పోయింది. సుకన్య లోపలి బెంచీ మీద కూర్చుని చూస్తూనే ఉంది. ఇంత చేసీ లిస్టులో పేరు లేదు. అసలు నేను నోరు మూసుకుని ఉంటే ఆయనే రాసేవాడేమో అని కూడా ఒక్క క్షణం అనిపించింది. దాచడమెందుకు, అనిపించింది.

భాను గెలిచిన పిల్లతో చేయి కలిపింది. చెమట తుడుచుకుంది. బంతులు ఏరడానికి వంగితే రాగసుధా, గెలిచిన పిల్లా, మిగతావాళ్లూ కూడా వంగి ఏరారు. అదీ అక్కడి కొత్త పద్ధతి.

మెట్రో ఎక్కారు. కిటికీ వైపు తిరిగిన పిల్ల నుంచి, అమీర్‌పేట రాబోతుండగా, కూనిరాగం ఒకటి మొదలైంది. సుకన్య కదలకుండా నిలబడింది.

ఇంటికొచ్చాక భాను బ్యాట్ సంచీ బీరువా పక్కన పెట్టి, "అమ్మా, గా బుక్ జర ఇయ్యవా" అంది. పుస్తకం తీసుకుని మంచం మీద బోర్లా పడుకుని ఏదో రాసి, మూసి, అన్నం తినడానికి పోయింది. పప్పు రెండోసారి అడిగింది.

సుకన్య పుస్తకం తెరిచింది. గుండ్రటి పెద్ద అక్షరాలు.

"ఓడిపోయిన. ఎవ్వరేమనలే. కడుపు నొయ్యలే. మళ్ల పోత."

వారం రాయలేదు. తారీఖు లేదు. గంట లేదు. ఎవరెవరున్నారో లేదు. సుకన్య అలవాటు కొద్దీ పెన్ను మూత తీసింది. కాసేపు ఆ పేజీనే చూసి, మూత పెట్టేసింది.